తీసివేత తప్పుల విశ్లేషణ అసైన్‌మెంట్‌కి రూబ్రిక్: ఒకే పేపరుకి ఒకరు 16, ఒకరు 11

అనూష_గణితం
అందరికీ నమస్కారం. నేను డీఎల్‌ఎడ్ మొదటి ఏడాది వాళ్లకి గణిత బోధన చెప్తాను. ఛాత్రోపాధ్యాయులకి ఒక అసైన్‌మెంట్ ఇచ్చాం. దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకి వెళ్లి, మూడు లేదా నాలుగో తరగతి పిల్లలు ఐదుగురి చేత పది తీసివేత లెక్కలు చేయించాలి. తప్పులు ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో విశ్లేషించాలి. వాళ్లలో ఒకరితో కూర్చుని మాట్లాడాలి. తర్వాతి రెండు పీరియడ్లలో ఏం బోధిస్తారో రాయాలి. మొత్తం 20 మార్కులు.

నేనూ ఇంకో లెక్చరరూ చెరి సగం దిద్దాలి. మొదలుపెట్టే ముందు ఒకే పేపరు ఇద్దరం విడివిడిగా దిద్ది చూశాం. ఆయన 16 వేశారు, నేను 11. రూబ్రిక్ లేక కాదు, ఉంది. విషయ పరిజ్ఞానం, విశ్లేషణ, సృజనాత్మకత, సమర్పణ అని నాలుగు అంశాలు, ఒక్కోదానికి 5 మార్కులు. ఉదాహరణకి విశ్లేషణ కింద ఇలా ఉంది:

అత్యుత్తమం: తప్పులను చాలా లోతుగా విశ్లేషించారు.
ఉత్తమం: తప్పులను లోతుగా విశ్లేషించారు.
సాధారణం: తప్పులను కొంతవరకు విశ్లేషించారు.
మెరుగుపడాలి: విశ్లేషణ తగినంతగా లేదు.

దీన్ని ఎలా మార్చాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. వచ్చే వారం నుంచి దిద్దడం మొదలు.

శేఖర్_హెచ్‌ఎం
మేడమ్, ఇంత టెన్షన్ ఎందుకు? నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు ఉన్నాయి కదా: భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. లఘు పరీక్ష కింద పది లెక్కలకి మార్కులు వేసి గ్రేడ్ ఇచ్చేయండి. మా స్కూల్లో అలాగే చేస్తాం.

అనూష_గణితం
సార్, మార్కులు పిల్లలకి కాదు, వాళ్ల తప్పులను చదివిన ఛాత్రోపాధ్యాయులకి. పిల్లలకి పదికి రెండు వచ్చినా వీళ్లకి 20కి 20 రావచ్చు.

కిరణ్_బీఎడ్_ఫిజిక్స్
మేడమ్, మీ సమస్య స్థాయిలు తక్కువ కావడం. నాలుగే ఉంటే 3 వేయాలా 4 వేయాలా అని ప్రతిసారీ ఊగిసలాట. అంశాలు పన్నెండు పెట్టండి, ఒక్కోదానికి పది స్థాయిలు. ఎంత చిన్న ముక్కలు చేస్తే అంత కచ్చితంగా వస్తుంది. నేను ల్యాబ్ రికార్డులకి అలాగే చేస్తాను. పటం ఉందా, యూనిట్లు రాశారా, రీడింగులు పట్టికలో పెట్టారా అని చూసుకుంటూ పోవడమే. ఇద్దరు దిద్దినా ఎప్పుడూ తేడా రాదు.

విశ్రాంత_డైట్_మాస్టారు
కిరణ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పటం ఉందా, యూనిట్లు ఉన్నాయా అన్నవి ఉంది లేదు అని తేలిపోయే విషయాలు కాబట్టి తేడా రాదు. అలాంటివి అనూష గారి అసైన్‌మెంట్‌లోనూ ఉన్నాయి. ఐదుగురు పిల్లల అసలు కాగితాలు జతచేశారా? ఒకరితో మాట్లాడిన నోట్సు ఉందా? వీటికి స్థాయిలు అక్కర్లేదు. ఇవి లేకపోతే పేపరు తీసుకోం, తెచ్చాకే దిద్దుతాం అని పైనే రాసెయ్యండి. రూబ్రిక్‌లోకి రానివ్వకండి.

కానీ విశ్లేషణకి పది స్థాయిలు పెడితే ఆరుకీ ఏడుకీ తేడా ఏమిటో మాటల్లో రాయగలరా? రాయలేని తేడాని దిద్దేవాడు తన మూడ్‌ని బట్టి నింపుకుంటాడు. ఇప్పుడున్న నాలుగు స్థాయిల రోగం కూడా అదే. వాక్యం ఒకటే, ‘చాలా’, ‘కొంత’ అనే మాటలు మాత్రం మారాయి. మీ సహోద్యోగికి లోతు అంటే నాలుగు పేజీలు కావచ్చు, మీకు వేరే ఏదో కావచ్చు. ఒక్కో స్థాయిలో ఛాత్రోపాధ్యాయుడు చేసిన పనే వేరుగా ఉండాలి, ఆ పని కాగితం మీద వేలు పెట్టి చూపించేలా ఉండాలి.

అందుకని రూబ్రిక్ పక్కన పెట్టండి. ఒక పది పేపర్లు తీసుకుని మార్కులు వేయకుండా చదివి, మూడు నాలుగు కుప్పలుగా పేర్చండి. తర్వాత ఈ పేపరు ఆ కుప్పలోకి ఎందుకు వెళ్లలేదో ఒక్కో వాక్యం రాయండి. మీ స్థాయిల వివరణలు ఆ వాక్యాల్లోనే దొరుకుతాయి. రెండు మూడు పేపర్లలో విశ్లేషణ భాగం ఇక్కడ పెట్టగలరా, పేర్లు లేకుండా?

అనూష_గణితం
చేశాను మాస్టారూ. ఒక్కో కుప్ప నుంచి ఒకటి పెడుతున్నాను.

మొదటిది: “52 − 27 = 35 అని రాశాడు. అప్పు తీసుకోవడం రాదు. అజాగ్రత్త కూడా ఉంది. బాగా సాధన చేయించాలి.”

రెండోది: “52 − 27 = 35, 81 − 46 = 45, 63 − 28 = 45. మూడింటిలోనూ ఒకట్ల స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. పైన ఉన్నదేదో కింద ఉన్నదేదో చూడలేదు. 78 − 35 = 43 మాత్రం సరిగ్గా చేసింది, ఎందుకంటే అక్కడ పై అంకే పెద్దది.”

మూడోది: పైదానిలాగే రాసి, చివర్లో “నా ఊహ నిజమైతే 94 − 58 ఇచ్చినప్పుడు 44 అనాలి. ఇచ్చి చూశాను, 44 అనే రాశాడు. ఎలా చేశావు అంటే ‘ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు’ అన్నాడు.”

మేం ఇద్దరం తేడా పడింది మొదటి రకం పేపరు మీదే. అందులో విశ్లేషణ మూడు పేజీలుంది, రంగు పెన్నులతో బార్ గ్రాఫు కూడా గీశారు. అయితే చెప్పింది ఆ రెండు ముక్కలే.

విశ్రాంత_డైట్_మాస్టారు
మీ రూబ్రిక్ ఈ మూడు పేపర్లలోనే ఉంది. మూడోది రాసిన అబ్బాయో అమ్మాయో మంచి టీచరు అవుతారు.

రెండో పేపరు జాగ్రత్తగా చూడండి. ఆ పాప పెద్ద అంకెలోంచి చిన్నది తీసిందని రాశారు. కానీ వేరే తప్పు చేసినా ఇవే జవాబులు వస్తాయి. పదుల నుంచి అప్పు తెచ్చుకుని, పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోయిందనుకోండి. 52 − 27లో 2ను 12 చేసుకుని 7 తీస్తే 5. పదుల్లో 5లోంచి 2 తీస్తే 3. మళ్లీ 35. మిగతా రెండు లెక్కలూ ఇలాగే చేసి చూడండి, 45, 45 వస్తాయి. ఆ మూడు లెక్కల్లోనూ ఒకట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 5. తేడా 5 అయినప్పుడు ఈ రెండు తప్పులకీ జవాబు ఒకటే. 78 − 35లో అప్పు అవసరమే లేదు కాబట్టి దానితోనూ తేలదు.

94 − 58లో తేడా 4. పెద్దదానిలోంచి చిన్నది తీసే పిల్లాడు 44 అంటాడు, పదుల్లో తగ్గించడం మరిచేవాడు 46 అంటాడు. మూడో పేపరు తెలిసి ఎంచుకుందో అదృష్టవశాత్తు తగిలిందో గానీ, రెండు కారణాలనీ విడదీసే లెక్క అది. పిల్లాడి మాట కూడా దాన్నే బలపరిచింది.

ఈ రెండు తప్పులకీ చేయాల్సిన బోధన వేరు. ఒకరికి 2లోంచి 7 తీయడానికి ఒకట్లు చాలవు, పదుల కట్ట విప్పాలి అన్న ఊహే లేదు. రెండోవారికి అది ఉంది, కట్ట విప్పాక కట్టల్లో ఒకటి తగ్గిందని రాయడం లేదు. కాబట్టి కారణం తప్పుగా పట్టుకుంటే తర్వాతి రెండు పీరియడ్లూ వృథా.

విశ్లేషణ స్థాయిలు నేనైతే ఇలా రాస్తాను:

1. తప్పులను లెక్కపెట్టారు, లేదా ‘రాదు’, ‘అజాగ్రత్త’ అని పేరు పెట్టి వదిలేశారు.
2. ఒక లెక్క తీసుకుని, తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో చూపించారు.
3. ఒకే పిల్లవాడి మూడు లేదా ఎక్కువ లెక్కల్లో అదే తప్పు వరుసగా ఉందని చూపించారు, సరైన జవాబులు ఎందుకు వచ్చాయో కూడా ఆ వివరణతోనే చెప్పారు.
4. పై పని చేసి, తమ వివరణ నిజమో కాదో తేల్చే ఒక కొత్త లెక్క ఎంచుకుని, జవాబు ముందే ఊహించి, ఏం జరిగిందో రాశారు. ఊహ తప్పినా ఈ స్థాయే.

ఇక్కడ ‘చాలా’, ‘కొంత’ లాంటి మాటలు లేవు, చూశారుగా. బార్ గ్రాఫు ఎంత అందంగా ఉన్నా మొదటి స్థాయి దాటదు.

స్రవంతి_డీఎల్‌ఎడ్
నేను రెండో ఏడాది చదువుతున్నానండీ. మాకూ ఇలాంటిదే ఇచ్చారు, నాకు 12 వచ్చాయి. ఎందుకో ఇప్పటికీ తెలియదు. పేపరు మీద ‘ఇంకా బాగా రాయాలి’ అని ఎర్ర పెన్నుతో ఉంది, అంతే. పై నాలుగు వాక్యాలు చదివితే నాది రెండో స్థాయి అని నాకే అర్థమైంది.

ఒక సందేహం. ఇది ముందే ఇస్తే మా బ్యాచ్‌లో సగం మంది బడికి వెళ్లకుండానే ‘94 − 58 ఇచ్చాను, 44 వచ్చింది’ అని రాసేస్తారు. నిజం చెప్తున్నాను.

కిరణ్_బీఎడ్_ఫిజిక్స్
అందుకే రూబ్రిక్ ముందే ఇవ్వకూడదు. ప్రశ్నపత్రంతో పాటు జవాబుల కీ కూడా ఇస్తామా?

విశ్రాంత_డైట్_మాస్టారు
కీలో జవాబు ఉంటుంది. ఇందులో చేయాల్సిన పని మాత్రమే ఉంది, జవాబు పిల్లాడి దగ్గర ఉంది. ఇది దాచి పెడితే స్రవంతి లాంటి వాళ్లు ఏం చేయాలో ఊహిస్తూ కూర్చోవాలి. అలా ఊహించడంలో నేర్పు ఉన్నవాళ్లకే మార్కులు వస్తాయి.

కల్పించి రాయడం గురించి అడిగింది సబబే. అందుకే అసలు కాగితాలు తప్పనిసరి అన్నాను. పిల్లలు నిజంగా చేసిన కాగితం కల్పించినదానిలా అంత శుభ్రంగా ఉండదు. పదిలో ఆరు చోట్ల ఒకే తప్పు చేసి, ఏడో చోట హఠాత్తుగా సరిగ్గా చేస్తారు. కొట్టివేతలుంటాయి, పక్కన గీతలు గీసి లెక్కపెట్టుకుంటారు. ఐదుగురు పిల్లలూ ఐదు రకాల తప్పులు చక్కగా చేసిన పేపరు వస్తే నేను ఆ ఛాత్రోపాధ్యాయుణ్ణి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడేవాణ్ణి, అంతకంటే అక్కర్లేదు. ఊహ తప్పినా పూర్తి మార్కులే అని రాసింది కూడా దీనికోసమే. 44 రాకపోతే నష్టం లేనప్పుడు 44 వచ్చిందని అబద్ధం ఆడాల్సిన పనిలేదు.

ఇంకోటి, అనూష గారూ. మీ అసైన్‌మెంట్ కాగితంలో కొత్త లెక్క ఇచ్చి చూడమని ఎక్కడా లేదు. అడగని పనికి పై స్థాయి ఇవ్వడం అన్యాయం. ముందు సూచనల్లో ఆ వాక్యం చేర్చండి. ఈ బ్యాచ్ ఇప్పటికే రాసేసింది కాబట్టి వీళ్లకి వేరే దారి చూడాలి.

శేఖర్_హెచ్‌ఎం
ఛాత్రోపాధ్యాయులు వచ్చేది మా బళ్లకే కాబట్టి ఒక మాట. మొదటి రోజు లెక్కలు చేయించి, ఇంటికెళ్లి విశ్లేషించి, కొత్త లెక్క తట్టి, మళ్లీ ఆ పిల్లాడి కోసం రావాలంటే ఎప్పుడు రావాలి? వచ్చిన రోజు ఆ పిల్లాడు బడికి రాడు. పండగలప్పుడూ కోతలప్పుడూ మా దగ్గర నాలుగో తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. పైగా ఒక బడికి పదిమంది ఛాత్రోపాధ్యాయులు వస్తే మా పిల్లలు రోజంతా తీసివేతలే చేస్తున్నారు. ‘సార్, మళ్లీ లెక్కలా’ అంటున్నారు.

నాలుగో స్థాయి అందేది బడి పక్కనే ఇల్లున్న వాళ్లకి. బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసే అమ్మాయికి అందదు.

అనూష_గణితం
శేఖర్ సార్ చెప్పింది నాకు తట్టనే లేదు. మాలో కొందరికి కేటాయించిన బడి చాలా దూరం.

అదే రోజు చేయగలిగేలా సూచనలు మారిస్తే? పది లెక్కలూ చేయించాక, పిల్లాడితో మాట్లాడేటప్పుడే రెండు మూడు అదనపు లెక్కలు సిద్ధంగా పెట్టుకోమని చెప్పొచ్చు. ఈ బ్యాచ్‌కి మాత్రం 4 ఇలా మారుస్తాను: కొత్త లెక్క ఇచ్చి ఉంటే సరే. ఇవ్వకపోతే, ఏ లెక్క ఇస్తే ఏ జవాబు వస్తే తమ వివరణ నిలుస్తుందో, ఏది వస్తే కూలిపోతుందో రాసినా 4.

విశ్రాంత_డైట్_మాస్టారు
రెండోది మొదటిదానితో సమానమని నేను ఒప్పుకోను. ఆలోచించడం వేరు, పిల్లాడి ముందు పెట్టి చూడటం వేరు. కానీ ఈసారికి వేరే దారి లేదు. అది కూడా ఎంతమంది రాసి ఉంటారో పేపర్లలో చూడండి. ఎవరూ రాసి ఉండకపోతే ఈ బ్యాచ్‌కి మూడు స్థాయిలతోనే దిద్దండి, ఎవరికీ అందని మెట్టు పెట్టి ప్రయోజనం లేదు.

స్రవంతి_డీఎల్‌ఎడ్
మరి మిగతా అంశాలు? సృజనాత్మకత అంటే మా వాళ్లు చార్టులు, మెరుపు కాగితాలు అంటించడం అనుకుంటారు.

అనూష_గణితం
సృజనాత్మకత తీసేశాను. విషయ పరిజ్ఞానం కూడా. స్థాన విలువ తెలియనివాళ్లు విశ్లేషణలోనే దొరికిపోతారు, ఒకే లోపానికి రెండు చోట్ల మార్కులు కోయడం అవుతోంది. సమర్పణ అనే అంశం వల్లే అందంగా రాసిన పేపరుకి మిగతా అంశాల్లో కూడా మార్కులు జారిపోతున్నాయి, అదీ తీసేశాను. ఆలస్యమైతే వేరే నియమం ఉంది, దాన్ని ఇందులో కలపను.

ఇప్పుడు మూడే మిగిలాయి. విశ్లేషణకి మాస్టారి స్థాయిలు. మిగతా రెండు ఇలా రాశాను, చూడండి.

పిల్లల మాట:
1. మాట్లాడామని మాత్రమే రాశారు.
2. పిల్లవాడు చెప్పిన సారాంశం తమ మాటల్లో రాశారు.
3. పిల్లవాడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, విశ్లేషణలో వాడుకున్నారు.
4. పైది చేసి, పిల్లవాడి మాట తమ మొదటి అభిప్రాయాన్ని బలపరిచిందా మార్చిందా చెప్పారు.

తర్వాతి బోధన:
1. మళ్లీ చెప్తాం, ఇంకా సాధన చేయిస్తాం అన్నారు.
2. పుల్లల కట్టలు, పూసల చట్రం లాంటి కృత్యం రాశారు, కానీ ఆ పిల్లవాడి తప్పుతో ముడిపెట్టలేదు.
3. తప్పు జరిగిన మెట్టు మీదే కృత్యం నడుస్తుంది.
4. పైది చేసి, పిల్లవాడు మారాడో లేదో ఏ లెక్కతో తెలుసుకుంటారో రాశారు.

విశ్లేషణ స్థాయికి రెండు రెట్లు, బోధన స్థాయికి రెండు రెట్లు, పిల్లల మాటకి ఒక రెట్టు. 8, 8, 4 కలిపి 20.

కిరణ్_బీఎడ్_ఫిజిక్స్
లెక్క చూశారా మేడమ్? అన్నింట్లో రెండో స్థాయి వచ్చినవాడికి 10. నిజాయితీగా బడికి వెళ్లి, తప్పు జరిగిన మెట్టు చూపించి, పుల్లల కట్టలతో పాఠం రాసినవాడికి సగం మార్కులేనా? మొదటి స్థాయికి 5. మన కాలేజీల్లో ఇంటర్నల్స్ 17 కంటే తక్కువ వేస్తే ఎవరు ఊరుకుంటారు? మీ రూబ్రిక్ బాగుందని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకుని, చివర్లో అందరికీ నాలుగేసి కలపమంటారు.

విశ్రాంత_డైట్_మాస్టారు
స్థాయి అంకెని మార్కుగా నేరుగా మార్చాల్సిన పనిలేదు. రెండో స్థాయి పని ఉత్తీర్ణత కంటే ఎంత పైన ఉండాలో మీ ఇద్దరూ ముందు నిర్ణయించుకుని, 8 మార్కుల అంశానికి 3, 5, 6, 8 అని వేసుకోవచ్చు. 4 మార్కుల అంశానికి 1, 2, 3, 4 ఉంచినా సరే. అప్పుడు అంతా రెండో స్థాయి అయితే 12, అంతా మూడో స్థాయి అయితే 15. కానీ ఇది దిద్దడానికి ముందే కాగితం మీద ఉండాలి. మార్కులు చూశాక మారిస్తే అది రూబ్రిక్ కాదు, బేరం.

17 సంగతికి నా దగ్గర మందు లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దానితో గొడవే.

అనూష_గణితం
3, 5, 6, 8 తీసుకుంటున్నాను. ఇవాళ ఇద్దరం కూర్చుని ఆరు పేపర్లు విడివిడిగా దిద్దాం. మొత్తాలు కాకుండా ఒక్కో అంశం పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒక పేపరుకి ఇద్దరి మొత్తమూ 13 వచ్చింది కానీ విశ్లేషణకి నేను 6, ఆయన 5. ఆ తేడాని పిల్లల మాట దగ్గర ఆయన వేసిన ఎక్కువ మార్కు పూడ్చేసింది. మొత్తమే చూసుంటే కుదిరిందనుకునేవాళ్లం.

ఎక్కువ పేచీ వచ్చింది పిల్లల మాట దగ్గరే. ‘నాకు అప్పు తీసుకోవడం రాదు అని చెప్పాడు’ అని ఒకరు రాశారు. ఇవి పిల్లవాడి మాటలేనని ఆయన 3 వేశారు. నాలుగో తరగతి పిల్లాడు అలా మాట్లాడడని నేను 2 వేశాను. చివరికి మూడో స్థాయిలో ‘ఆ లెక్కని ఎలా చేశాడో పిల్లవాడు వర్ణించిన మాటలు’ అని మార్చాం. ఆ పేపరు, ఇంకో రెండు పేపర్లు నమూనాగా పక్కన ఉంచుకున్నాం, అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి.

విశ్రాంత_డైట్_మాస్టారు
మంచిది. సగం పేపర్లు అయ్యాక మళ్లీ రెండు మార్చుకుని దిద్దండి. మొదటి పదిలో ఉన్న కాఠిన్యం నలభయ్యో పేపరుకి ఉండదు, ఎవరికైనా అంతే.

శేఖర్_హెచ్‌ఎం
బోధన అంశంలో నాలుగో స్థాయికి వచ్చిన ప్రణాళికలు ఏవైనా ఉంటే మా టీచర్లకి పంపండి మేడమ్. ఆ పిల్లలు ఇంకా మా దగ్గరే ఉన్నారు, ఇంకా 35 అనే రాస్తున్నారు.

కిరణ్_బీఎడ్_ఫిజిక్స్
నాకు పది స్థాయిల మీద ఇంకా నమ్మకం పోలేదు గానీ, ఒకటి అడుగుతాను. బరువైన వస్తువు ముందు పడుతుందని పిల్లలు అంటారు కదా. దాని మీద మా బీఎడ్ వాళ్లకి ఇలాంటి అసైన్‌మెంట్ ఇస్తే మూడో స్థాయిలో ‘మూడు లెక్కల్లో అదే తప్పు’ బదులు ఏం పెట్టాలి? అక్కడ లెక్కలు ఉండవు, మాటలే.

విశ్రాంత_డైట్_మాస్టారు
మూడు సందర్భాలు పెట్టండి. రాయి, కాగితం. రాయి, ఉండ చుట్టిన కాగితం. ఒకే సైజు డబ్బాలు, ఒకటి ఖాళీ, ఒకటి ఇసుకతో. మూడింటిలో ఆ పిల్ల ఒకే కారణం చెప్తోందా, సందర్భాన్ని బట్టి మారుస్తోందా అని చూపించమనండి. స్థాయిలు మాత్రం ఇప్పుడే రాయకండి, ముందు పేపర్లు రానివ్వండి.